కిరీటం దొర్లి పడితే పడేది ఎవరు?

డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. మెటానమీ అంటే ఏమిటి, ఒక ఉదాహరణ రాయండి, రెండు మార్కులు. జవాబు కూడా తయారుగా ఉండేది: 'కిరీటం' అని చెప్పి రాజు అని అర్థం చేసుకోవడం. నేనూ అదే రాశాను, రెండు మార్కులూ వచ్చాయి. కానీ ఆ ఉదాహరణ ఏ పద్యంలోంచి వచ్చిందో ఆ పద్యం మొత్తం చదివింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత. చదివాక అర్థమైంది ఏమిటంటే, ఆ రెండు మార్కుల జవాబు తప్పు కాదు గానీ, అసలు విషయం మొదలయ్యే చోటే అది ఆగిపోతుంది. కిరీటం రాజుకి బదులు నిలబడిందని చెప్పడం సులువు. ఎందుకు కిరీటమే నిలబడింది, సింహాసనమో గుర్రమో ఎందుకు కాదు, అలా నిలబెట్టడం వల్ల రాజుకి ఏమైంది, రాజు కాని వాళ్లకి ఏమైంది, ఇవీ అడగాల్సిన ప్రశ్నలు. రాజకీయ పద్యంలో ఎవరికి బదులు ఏ వస్తువుని ఎంచుకున్నారు అన్నదే కవి వాదన, మిగతాది దాని చుట్టూ అల్లుకుంటుంది.

పద్యం జేమ్స్ షర్లీది. 1596లో పుట్టిన ఇంగ్లిష్ నాటక రచయిత, రాజు పక్షం మనిషి. 1642లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు పార్లమెంటు లండన్ నాటకశాలలు మూయించడంతో జీవనాధారం పోయి, తర్వాత బడి పంతులుగా బతికాడు. ఈ పద్యం ఆయన రాసిన ఒక చిన్న నాటకం చివర్లో వచ్చే పాట, అచ్చయింది 1659లో. మొత్తం ఇరవై నాలుగు పాదాలు, మూడు చరణాలు. మొదటి చరణాన్ని మామూలు మాటల్లో చెబుతాను:

మన రక్తానికీ మన హోదాకీ ఉన్న వైభవాలు నీడలే, చేతికి తగిలే వస్తువులు కావు. విధికి అడ్డు నిలిచే కవచం లేదు. మృత్యువు తన మంచుచెయ్యి రాజుల మీద వేస్తుంది. రాజదండమూ కిరీటమూ దొర్లి పడాల్సిందే, ధూళిలో ఆ పేద వంకర కొడవలితో, పారతో సమానం కావాల్సిందే.

ఇంగ్లిష్‌లో ఆ మధ్య పాదాలు చాలా పొట్టిగా ఉంటాయి: "సెప్టర్ అండ్ క్రౌన్, మస్ట్ టంబుల్ డౌన్". చదువుతుంటే మెట్ల మీంచి ఏదో దొర్లుతున్న చప్పుడులా ఉంటుంది. ఆ కొడవలి మన చేతి కొడవలి కాదు, రెండు చేతులతో పట్టుకుని, నిలబడి, గడ్డినో పైరునో కోసే పొడుగు పిడి కొడవలి. తెలుగులో దానికి వేరే పేరు లేదు కాబట్టి కొడవలి అనే అంటాను.

ఇప్పుడు మెటానమీ సంగతి. ఒకదాని పేరు చెప్పి, దానితో నిజ జీవితంలో అంటిపెట్టుకుని ఉండే ఇంకోదాన్ని సూచించడం మెటానమీ. పోలిక కాదు, ఇది ముఖ్యం. "ఖాకీలొచ్చారు" అంటే పోలీసులొచ్చారని. పోలీసు ఖాకీలా ఉంటాడని కాదు, ఖాకీ వేసుకుంటాడని. "ఢిల్లీ ఒప్పుకోలేదు" అంటే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదని, అది ఢిల్లీలో ఉంటుంది కాబట్టి. ఒక పద్యంలో ఏదైనా మాట కనిపించి, అది రూపకమా మెటానమీయా అని అనుమానం వస్తే మధ్యలో 'వంటి' పెట్టి చూడండి. "రాజు సింహం వంటివాడు", కుదిరింది, అంటే రాజుని సింహమనడం రూపకం. "రాజు కిరీటం వంటివాడు", ఇది కుదరదు, అర్థమే లేదు. "రాజుకి కిరీటం ఉంటుంది" అన్నది కుదురుతుంది. 'వంటి' కుదరకుండా 'ఉంటుంది' కుదిరితే అది మెటానమీ వైపు అని అనుకోవచ్చు.

మెటానమీ పక్కనే ఉండే ఇంకో అలంకారం సినెక్డకీ. అంటే భాగం చెప్పి మొత్తాన్ని సూచించడం, కొన్నిసార్లు మొత్తం చెప్పి భాగాన్ని. "ఆ ఊళ్లో వంద గడపలుంటాయి" అంటాం. ఎవరూ గడపలు లెక్కపెట్టరు, ఇళ్లే లెక్కపెడతారు. "ఇంట్లో సంపాదించే చేతులు రెండు, తినే నోళ్లు ఆరు" అంటాం. ఈ చివరి మాట కాస్త నెమ్మదిగా చూడండి, ఎందుకంటే మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. మనుషులు అవే మనుషులు. కానీ కొందరిని చేతులు అన్నాం, కొందరిని నోళ్లు అన్నాం. నోరు అన్న మరుక్షణం ఆ మనిషి ఖర్చు అయిపోయాడు. పొద్దున్నించి రాత్రిదాకా ఇంట్లో వండి వార్చే అమ్మ కూడా ఆ లెక్కలో నోరే అవుతుంది, చెయ్యి కాదు. ఒక్క వాదన చెయ్యకుండా, ఒక్క విశేషణం వాడకుండా, ఏ భాగాన్ని ఎంచుకున్నాం అన్నదానితోనే తీర్పు ఇచ్చేశాం. రాజకీయ కవిత్వం ఈ పనిని తెలిసి చేస్తుంది.

మరి ఈ రెండింటికీ గీత ఎక్కడ? కిరీటం రాజులో భాగమా, రాజుకి సంబంధించిన వస్తువా? నేను వాడే కొలత చాలా మోటుది: తీసి పక్కన పెట్టగలిగితే మెటానమీ, తీస్తే మనిషి పోయేదైతే సినెక్డకీ. కిరీటం తీసి బల్ల మీద పెట్టొచ్చు. తల తీసి పెట్టలేం. ఈ కొలత అన్నిచోట్లా నిలబడదు, సినెక్డకీ అనేది మెటానమీలో ఒక రకమేనని అనేవాళ్లు కూడా ఉన్నారు, ఆ వాదనలోకి వెళ్లను. కానీ తీయగలిగేదానికీ తీయలేనిదానికీ ఉన్న ఈ తేడాని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ పద్యంలో అది ప్రాణం లాంటిది.

మన దగ్గర దీన్ని వేరే వైపు నుంచి చూశారు. అలంకారశాస్త్రంలో దీని పేరు లక్షణ. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణకి మూడు షరతులు పెట్టాడు. ఒకటి, నేరుగా వచ్చే అర్థం అక్కడ అడ్డుపడాలి. రెండు, కొత్త అర్థానికీ పాత అర్థానికీ ఏదో సంబంధం ఉండాలి. మూడు, అలా చెప్పడానికి కారణం ఉండాలి, అది వాడుకలో పాతుకుపోయిన అలవాటైనా కావాలి, లేదా ఒక ప్రయోజనమైనా ఉండాలి. ఈ మూడో షరతు చాలా విలువైనది. 'దేనికి బదులు ఏది' అని రాసి ఆగిపోతే అది దొరకదు, ఎందుకు అని అడిగితేనే దొరుకుతుంది. మా రెండు మార్కుల జవాబులో లేనిది సరిగ్గా అదే.

ఆయన చెప్పిన ఉదాహరణల్లో రెండు చూద్దాం. "కుంతాః ప్రవిశంతి", ఈటెలు లోపలికి వస్తున్నాయి. ఈటెలు నడవలేవు కాబట్టి ఈటెలు పట్టుకున్న మనుషులని అర్థం. కానీ గమనించండి, ఈటెలు కూడా నిజంగానే లోపలికి వస్తున్నాయి, మనుషులతో పాటు. పాత అర్థం పోలేదు, కొత్తదాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఇంకోటి "గంగాయాం ఘోషః", గంగలో గొల్లపల్లె. నీటి మీద పల్లె ఉండదు, ఒడ్డున ఉందని అర్థం. ఇక్కడ గంగ అనే మాట తన అర్థాన్ని పూర్తిగా ఒడ్డుకి ఇచ్చేసి తప్పుకుంది, చల్లదనమూ పవిత్రతా మాత్రం మిగిల్చి వెళ్లింది. మనవాళ్ల ముఖ్యమైన విభజన భాగమా, పక్కనున్న వస్తువా అన్నది కాదు. పాత అర్థం నిలిచిందా, తప్పుకుందా అని విడదీశారు. పద్యం చదవడానికి నాకు ఈ ప్రశ్నే ఎక్కువ పనికొచ్చింది.

ఈ ప్రశ్నతో షర్లీ దగ్గరికి వెళ్దాం. "కిరీటం దొర్లి పడాల్సిందే." నేరుగా తీసుకుంటే కుదరదు, ఎందుకంటే పై పాదంలో మృత్యువు గురించి చెప్పాడు, కిరీటానికి చావు ఉండదు. అందుకని కిరీటం అంటే రాజు. సరే. కానీ 'దొర్లి పడటం' అన్న క్రియ ఎవరికి అతుకుతుంది? చనిపోయే మనిషి దొర్లడు. దొర్లేది తల మీంచి జారిన గుండ్రటి వస్తువు. క్రియ వస్తువుకి అతికేది, అర్థం మనిషికి చెందేది. ఈటెల్లాగే ఇక్కడ కిరీటం కూడా మనిషితో పాటు నిజంగానే కింద పడుతోంది. రాజు చనిపోతాడు అని రాసి ఉంటే అది అందరికీ తెలిసిన మాట, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కిరీటం పడుతుంది అని రాసేసరికి అది రాజకీయమైంది.

ఎందుకంటే ఆనాటి ఇంగ్లండ్ న్యాయశాస్త్రం ప్రకారం రాజు చనిపోవచ్చు గానీ కిరీటం పడదు. రాజుకి రెండు శరీరాలున్నాయని అక్కడి న్యాయవాదులు వాదించేవాళ్లు. ఒకటి ఎముకలూ మాంసమూ ఉన్నది, దానికి జబ్బు చేస్తుంది, ముసలితనం వస్తుంది, పోతుంది. రెండోది రాచరికపు శరీరం, దానికి వయసు లేదు, జబ్బు లేదు, చావు లేదు. ఒక రాజు ఊపిరి ఆగిన క్షణంలోనే అది వారసుడికి చేరిపోతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. కిరీటం అనే మాట అప్పటికే ఈ రెండో శరీరానికి పేరైపోయింది. అంటే 'క్రౌన్' అనే ఒక్క మాటకి మూడు అర్థాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి: బంగారపు వస్తువు, దాన్ని పెట్టుకున్న మనిషి, చావులేని ఆ రాచరికం. మన దేశానికి సంబంధించి కూడా ఈ మూడోదే వాడారు. 1858 చట్టంతో ఈస్టిండియా కంపెనీ చేతిలోంచి పాలన 'క్రౌన్'కి మారిందని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం కదా, అక్కడ ఎవరికీ బంగారు కిరీటం కళ్ల ముందు కనబడదు. మమ్మటుడి మాటల్లో అది రూఢి, అలవాటులో అరిగిపోయిన లక్షణ.

మంచి కవి చేసేది ఇలా అరిగిపోయిన మాటని తిరిగి వస్తువుగా మార్చడం. షర్లీ 'దొర్లి' అని ఒక్క క్రియ వేసి ఆ పని చేశాడు. చావులేని రాచరికం అని మీరు అనుకుంటున్నదానికి ఒక గుండ్రటి ఆకారం ఉంది, బరువు ఉంది, అది పడితే చప్పుడవుతుంది అని చూపించాడు.

1659లో ఈ పాదం చదివినవాళ్లకి ఇది ఊహ కాదు. పదేళ్ల ముందు, 1649 జనవరి 30న, లండన్‌లోని వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ బయట మొదటి చార్లెస్ రాజు తల నరికారు. మార్చిలో రాజు అనే పదవినే రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అక్కడితో ఆగలేదు. కిరీటాన్నీ మిగతా రాజలాంఛనాలనూ విరగ్గొట్టించి, బంగారం కరిగించి నాణేలు కొట్టించింది. ఆ కొత్త నాణేల మీద అంతకుముందులా రాజు తలబొమ్మ లేదు, డాళ్ల గుర్తులున్నాయి, చుట్టూ లాటిన్ బదులు ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. నాకు ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చోవాలనిపించింది. మనిషిని చంపితే చాలదని వాళ్లకి తెలుసు. మనిషికి బదులు నిలబడే వస్తువు మిగిలితే, దాన్ని ఇంకో తల మీద పెట్టొచ్చు. తీసి పక్కన పెట్టగలిగేదానికి ఉన్న బలం అదే, ఒక తల పోయినా అది ఇంకో తల కోసం ఎదురుచూస్తూ ఉండగలదు. అందుకే వస్తువుని కూడా కరిగించారు. మెటానమీ అనేది పుస్తకాల్లో అలంకారం మాత్రమే అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఈ సంఘటనే.

అలాగని ఈ పద్యం చార్లెస్ గురించే రాశాడని చెప్పెయ్యడం తప్పు. షర్లీ రాజు పక్షం మనిషి, రాజు పతనాన్ని పండగ చేసుకోడు. నాటకంలో ఈ పాట ఇంగ్లండ్ రాజు మీద కాదు, గ్రీకు వీరుడు ఏజాక్స్ శవం ముందు పాడేది. ట్రాయ్ యుద్ధంలో అకిలీజ్ చనిపోయాక ఆయన కవచం, ఆయుధాలు ఎవరికి దక్కాలని ఏజాక్స్‌కీ యులిసీజ్‌కీ పోటీ వస్తుంది, యులిసీజ్‌కి ఇస్తారు, ఆ అవమానం భరించలేక ఏజాక్స్ తన కత్తితో తానే పొడుచుకుని చనిపోతాడు. చూడండి, ఆ కథ మొత్తం ఒక మెటానమీ చుట్టూ తిరిగేదే. కవచం కావాలని కొట్టుకున్నది ఇనుము కోసం కాదు, అది ఎవరి దగ్గరుంటే వాళ్లు అకిలీజ్ అంతటివాళ్లని లోకం అనుకుంటుంది. ఒక వస్తువు ఒక మనిషికి బదులు నిలబడుతుందన్న నమ్మకంతో ఒక మనిషి చచ్చిపోయాడు. అతని శవం ముందు నిలబడి "విధికి అడ్డు నిలిచే కవచం లేదు" అని పాడుతుంటే ఆ కవచం అనే మాటకి ఎంత బరువొస్తుందో ఆలోచించండి.

ఇక మూడు చరణాలూ కలిపి చూస్తే కనిపించే ఒక కదలిక ఉంది. నాకు ఈ పద్యంలో అన్నింటికంటే ఇష్టమైనది అదే. మొదటి చరణంలో ఉన్నది కిరీటం, తల మీద పెట్టుకునే వస్తువు, తీయగలిగేది. రెండో చరణంలో కత్తులతో పొలం కోసే వీరులు వస్తారు, వాళ్లు చంపిన చోటల్లా గెలుపు దండలకి వాడే లారెల్ మొక్కలు కొత్తగా నాటతారు. మూడో చరణం మొదట్లో "మీ నుదుటి మీద దండలు వాడిపోతాయి" అంటాడు, అంటే వస్తువు ఇప్పుడు చర్మాన్ని తాకుతోంది, నుదురు కనిపించింది. ఆ తర్వాత కొద్ది పాదాలకే "మీ తలలు చల్లటి సమాధికి రావాల్సిందే" అంటాడు. కిరీటం, నుదుటి మీద దండ, తల. బయటి వస్తువు నుంచి మనిషి శరీరం లోపలికి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. మెటానమీతో మొదలై సినెక్డకీ దగ్గరికి చేరింది. కిరీటం పడిందంటే ఇంకో తల మీదికి వెళ్లొచ్చు, ఆ ఆశ ఉంటుంది. తల పోతే ఇంకేమీ లేదు. పైగా మొదటి చరణంలో "రాజులు" అని దూరంగా చెప్పినవాడు, మూడో చరణానికి వచ్చేసరికి "మీ" అంటున్నాడు.

రక్తం అనే మాట కూడా ఇలాగే ప్రయాణం చేస్తుంది. మొదటి పాదంలో "మన రక్తపు వైభవాలు" అన్నప్పుడు రక్తమంటే వంశం. మనం కూడా "రాజుల రక్తం" అంటాం కదా, అక్కడ రక్తం చుక్క కూడా కనపడదు, అది గంగ ఒడ్డు లాంటి మాట, తన అర్థాన్ని వంశానికి ఇచ్చేసి తప్పుకుంది. మూడో చరణంలో మృత్యువు బలిపీఠం మీద గెలిచినవాడే బలై రక్తం కారుతున్నాడు. ఇప్పుడది వంశం కాదు, నిజంగా కారే రక్తం. ఆ బలిపీఠం రంగు ఊదా అంటాడు, ఊదా అంటే అక్కడ రాజవస్త్రాల రంగు, అదే గడ్డకట్టిన రక్తపు రంగు కూడా. మొదటి పాదంలో గర్వంగా చెప్పుకున్న రక్తం చివరికి నేల మీద కారే రక్తమైంది. అరిగిపోయిన లక్షణకి తన సొంత అర్థాన్ని తిరిగి ఇచ్చెయ్యడం అంటే ఇదీ.

చదివేటప్పుడు తడబడే చోట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ అలంకారాలు నేర్చుకున్న కొత్తలో ప్రతి మాటలోనూ అవే కనిపిస్తాయి. "మృత్యువు మంచుచెయ్యి" ఉంది కదా, చెయ్యి అనగానే సినెక్డకీ అని గీత గీసేస్తారు. కానీ మృత్యువు అనేది ముందు మనిషి కాదు, కవి దాన్ని మనిషిగా చేశాడు, ఆ తర్వాతే దానికి చెయ్యి వచ్చింది. లేని మొత్తానికి భాగం ఎక్కణ్ణుంచి వస్తుంది? అది మానవత్వారోపణ. "కత్తులతో పొలం కోయడం" అన్నదీ మెటానమీ కాదు, 'వంటి' పెట్టి చూస్తే కుదురుతుంది, చంపడం కోత వంటిది, కాబట్టి రూపకం. కానీ ఆ పక్కనే ఉన్న 'లారెల్' మెటానమీ, గెలిచినవాళ్లకి నిజంగానే ఆ ఆకుల దండ వేసేవాళ్లు కాబట్టి. ఆ మెటానమీని 'నాటడం' అనే రూపకంలో పెట్టాడు. రెండూ ఒకే పాదంలో ఉంటాయి, విడదీయాలంటే మాట మాటకీ ఆగాలి. ఏది ఏమిటో పేరు పెట్టడం కష్టమైతే పేరు వదిలేసినా ఫర్వాలేదు, ఆ వస్తువుకీ మనిషికీ ఉన్న సంబంధం పోలికా, పక్కన ఉండటమా అన్నది తేలితే చాలు.

ఆ కోత రూపకం ఊరికే రాలేదు. మొదటి చరణంలో కొడవలి రైతుది. రెండో చరణంలో కోస్తున్నది కత్తి పట్టిన వీరుడు. రైతు చేసే పని పేరు వీరుడు తీసుకున్నాడు, కాకపోతే ఇతను కోసేది పైరు కాదు, నాటేది తిండిగింజ కాదు.

ఇప్పుడు నన్ను చాలా రోజులు వదలని విషయానికి వస్తాను. ఈ పద్యం సమానత్వం గురించి అని అందరూ అంటారు, పద్యం కూడా అలాగే అంటుంది, కిరీటమూ కొడవలీ ధూళిలో సమానమని. కానీ ఆ మాట చెప్పడానికి వాడిన అలంకారంలో సమానత్వం లేదు. కిరీటం రాజుకి బదులు వచ్చింది, కానీ దానికి ఒక్క పాదం ముందే "రాజులు" అన్న మాట నేరుగా ఉంది. రాజు ముందు మనిషిగా కనిపించి, ఆ తర్వాత కిరీటమయ్యాడు. రైతు అన్న మాట ఈ ఇరవై నాలుగు పాదాల్లో ఎక్కడా లేదు. కూలి అన్న మాటా లేదు. కొడవలి, పార, అంతే. కత్తులు పట్టిన "మనుషులు" ఉన్నారు, గెలిచినవాడు ఉన్నాడు, న్యాయంగా బతికినవాళ్లు ఉన్నారు. పొలం దున్నినవాడు మాత్రం తన పనిముట్టు వెనకే ఉండిపోయాడు.

ఇంకో తేడా. కిరీటం రాజుకి అలంకారం, దానితో ఆయన ఏ పనీ చెయ్యడు, పెట్టుకుంటాడు. కొడవలి అలంకారం కాదు, దానితో పని చేస్తారు. ఒకరిని వాళ్లకి ఉన్నదానితో పిలిచాడు, ఇంకొకరిని వాళ్లు చేసేదానితో పిలిచాడు. "పేద వంకర కొడవలి" అన్నాడు చూడండి, కొడవలికి పేదరికం ఉంటుందా? పేదరికం పట్టుకున్నవాడిది. ఆ విశేషణం మనిషి మీంచి జారి వస్తువు మీద వాలింది. వంకర అన్నది కొడవలి వంపే, కానీ పేద అన్న మాట పక్కన చదివేసరికి నాకు వంగిన నడుము కూడా కనిపిస్తుంది. ఇది నా చదువు, షర్లీ అంత దూరం ఆలోచించాడని ప్రమాణం చెయ్యలేను. కానీ పేద అన్న మాటకి మాత్రం మనిషి లేకుండా అర్థమే రాదు, అది కచ్చితం. ఎక్కడా పేరు చెప్పని ఆ మనిషి ఆ ఒక్క విశేషణంలోంచి తొంగి చూస్తున్నాడు.

దీన్ని కవి తప్పు అంటానా? తప్పని కాదు, హద్దు అంటాను. పాలించేవాళ్ల పతనం గురించి బాధపడుతున్న కవి, ఆ పతనం ఎంత లోతో కొలవడానికి అట్టడుగున ఒక గుర్తు కావాలి, ఆ గుర్తు కొడవలి. ఎక్కి చూడటానికి ఒక మెట్టు, అంతే. రైతు వైపు నుంచి రాసిన పద్యమైతే ఇదే అలంకారం తిరగబడుతుంది. గురజాడ "దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్" అన్నాడు. ఆ పాదం అందరికీ కంఠస్థమే కాబట్టి దాని పని మనకి కనపడదు. దేశం అని చెప్పి జనం అని అర్థం చేసుకోవడం కూడా లక్షణే, ఉండే చోటు చెప్పి ఉండేవాళ్లని సూచించడం. "ఊరంతా కదిలింది" అన్నట్టే. అలవాటులో ఆ మాట అరిగిపోయి, మనుషులు జారిపోయి, నేల మాత్రమే మిగిలింది. గురజాడ ఆ మెటానమీని విప్పేసి, దేనికి బదులు ఎవరున్నారో పేరు పెట్టి చెప్పేశాడు. షర్లీ పద్యంలో కొడవలికి ఎవరూ ఆ పని చెయ్యలేదు.

మనం రాజులు లేని కాలంలో ఉన్నామనుకుంటాం గానీ మన మాటల్లో వాళ్ల వస్తువులు ఇంకా చెలామణి అవుతున్నాయి. ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో "ప్రజలు పట్టం కట్టారు" అని రాస్తారు. పట్టం అంటే రాజయ్యేటప్పుడు నుదుటికి కట్టే పట్టీ, పట్టాభిషేకంలోని పట్టం అదే. ఓడినవాళ్లు "గద్దె దిగారు" అంటారు. రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ పట్టీ గానీ గద్దె గానీ కళ్ల ముందు కనపడవు, రూఢి కదా. కానీ మమ్మటుడి మూడో షరతు పెట్టి అడగండి, ఓటు వేసి ఐదేళ్ల పనికి ఒకరిని పెట్టుకోవడాన్ని పట్టం కట్టడం అంటే మన తలలోకి వచ్చే బొమ్మ ఏది? ఎవరు ఎవరి కన్నా పైన కూర్చున్నట్టు ఉంటుంది? ఎవరైనా ఒక రాజకీయ కవితలో ఆ పట్టీ నుదుటి మీంచి జారి కళ్ల మీద పడిందని రాశారనుకోండి, ఆ అరిగిన మాట మళ్లీ గుడ్డముక్క అవుతుంది, మనకీ ఉలిక్కిపాటు వస్తుంది. షర్లీ కిరీటాన్ని దొర్లించి చేసింది అదే పని.

ఆ కిరీటం కథ 1659తో అయిపోలేదు. మరుసటి ఏడాదే రాచరికం తిరిగొచ్చింది. పాతది కరిగిపోయింది కాబట్టి రెండో చార్లెస్ పట్టాభిషేకం కోసం 1661లో కొత్త కిరీటం చేయించాల్సి వచ్చింది, రెండు కిలోల పైన బరువు, పాత దాని పేరే పెట్టారు, సెయింట్ ఎడ్వర్డ్ కిరీటమని. షర్లీ అది చూసేదాకా బతికాడు, 1666లో పోయాడు. ఆ కిరీటం ఇప్పటికీ లండన్ టవర్లో ఉంది, 2023 మే 6న మూడో చార్లెస్ తల మీద పెట్టింది దాన్నే. దాన్ని పెట్టుకున్న ప్రతి ఒక్కరి పేరూ చరిత్రలో రాసి ఉంది. ఆ పాటలోని కొడవలి ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు.